గుంటలో ఉన్న రొయ్యకి మార్చి 31న రేటెంత?

2025 మార్చి నెలాఖరున ఇందుకూరుపేట వైపు మా మామ రొయ్యల గుంట గట్టు మీద నిలబడి ఉన్నాను. బ్యాంకువాళ్లు మార్చి 31 నాటికి గుంటల్లో ఉన్న సరుకు విలువ రాసి పంపమన్నారు. లెక్కలు రాయడం నా పని. నా దగ్గర ఒకే కాగితం మీద రెండు అంకెలున్నాయి. ఒకటి 26 లక్షలు, అప్పటిదాకా ఆ అయిదెకరాల మీద పెట్టిన ఖర్చు. రెండోది 31 లక్షలు, ఆ రోజే గుంట పట్టేసి అమ్మితే వస్తాయని వేసిన లెక్క. మామ రెండూ చూసి, "రెండో అంకె వెయ్యబ్బయా, అప్పు లిమిట్ పెంచుతారు. అదేగా అసలు విలువ?" అన్నాడు.

నేను మొదటి అంకే వేశాను. మామకి కోపం వచ్చింది. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 2న, అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం వేస్తామని ప్రకటించింది. ఇక్కడ కొనేవాళ్లు ఆ వారంలోనే రేట్లు దించేశారు. మామ ఫోన్ చేసి, "నువ్వు చెప్పిందే నయం" అన్నాడు. ఆ మాట నాకు సంతోషం కలిగించలేదు. సుంకం వస్తుందని తెలిసి నేను ఆ అంకె వేయలేదు. రేటు పెరిగి ఉంటే కూడా నా పద్ధతి సరైనదే అని చెప్పగలనా? అప్పటి నుంచీ ఆ ప్రశ్న వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

31 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి

జనవరి 10న ఎకరానికి రెండు లక్షల చొప్పున పది లక్షల వనామీ రొయ్య పిల్ల వదిలారు. మార్చి 31కి 80 రోజులు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేల్లో, వలలో పడినవాటిని తూస్తే సగటు బరువు 14 గ్రాములు, అంటే కిలోకి దాదాపు 70 రొయ్యలు, 70 కౌంటు. ఆ కౌంటుకి ఆ రోజు కిలో 300 అనుకుని లెక్క కట్టాం. బరువు తూచి చెప్పొచ్చు, రేటు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఇంతవరకూ పేచీ లేదు.

పేచీ అంతా మూడో అంకెతో. వదిలిన పది లక్షల్లో బతికున్నవి ఎన్ని? 75 శాతం అనుకున్నాం. ఏడున్నర లక్షల రొయ్యలు, ఒక్కోటి 14 గ్రాములు, మొత్తం పదిన్నర టన్నులు. కిలో 300 చొప్పున 31 లక్షల 50 వేలు. పట్టుబడి కూలీకి, కమిషన్‌కి 50 వేలు తీసేస్తే 31 లక్షలు.

ఆ 75 శాతం ఎట్లా తేలింది? విసురు వలతో. గుంటలో పది పన్నెండు చోట్ల వల విసిరి, ఒక్కో విసురుకి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, వల పరుచుకునే వైశాల్యంతో భాగించి, గుంట మొత్తానికి హెచ్చవేస్తారు. వినడానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ రొయ్యలు గుంటంతా సమానంగా పరుచుకుని ఉండవు. మేత పడేచోట, ఏరేటర్లు తోసే నీటి దారిలో గుంపుగా ఉంటాయి. మధ్యలో బురద పోగయ్యేచోట పలచన. అమావాస్యకో పౌర్ణమికో కుబుసం విడిచే రోజుల్లో అయితే అడుగున నక్కి వలకే రావు. అదే గుంటలో అదే మనిషి రెండు రోజుల తేడాతో వల విసిరితే ఒకసారి 85 రావచ్చు, ఇంకోసారి 60 రావచ్చు.

85 శాతం అనుకుంటే విలువ 35 లక్షల 20 వేలు. 60 అనుకుంటే 24 లక్షల 70 వేలు. అంటే పెట్టిన 26 లక్షల మీద ఒకచోట 9 లక్షలకు పైగా లాభం, ఇంకోచోట లక్షా 30 వేలు నష్టం. గుంటలో ఒక్క రొయ్య కూడా అటూ ఇటూ కదల్లేదు. వల మాత్రం వేరేచోట పడింది.

దీన్ని సరిచూసుకునే దారి ఒకటుంది. రోజువారీ మేత. ఆ వయసు రొయ్య తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం మేత తింటుంది. మామ గుంటల్లో ఆ వారం రోజుకి 290 కిలోలు పడుతోంది, చెక్ ట్రేల్లో మిగలడం లేదు. మూడు శాతం తింటోందనుకుంటే గుంటలో 9,700 కిలోలు, రెండున్నర అనుకుంటే 11,600. మన పదిన్నర టన్నులు ఆ రెండింటి మధ్యలో పడ్డాయి కాబట్టి అంకె మరీ తప్పు కాదని ధైర్యం వస్తుంది. కానీ ఆ రెండు కొసల మధ్య దాదాపు రెండు టన్నులుంది, డబ్బుల్లో 5 లక్షల 70 వేలు. నేను లాభంగా చూపాల్సింది 5 లక్షలు. కొలతలో ఉన్న తేడా లాభం కంటే పెద్దది. ఆ రోజు నా చేయి రెండో అంకె మీదికి పోకపోవడానికి అసలు కారణం ఇదే.

ఫెయిర్ వాల్యూ వైపు వాదన చిన్నది కాదు

ఆ రోజు మార్కెట్లో అమ్మితే వచ్చే విలువే ఫెయిర్ వాల్యూ, అంటే నా కాగితం మీద రెండో అంకె లాంటిది. నాకు నచ్చలేదని దాన్ని తీసిపారేయలేను. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 41 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం పెరుగుతున్న ప్రాణి ఏదైనా ఫెయిర్ వాల్యూలో అమ్మకపు ఖర్చులు తీసేసి చూపాలి, ఆ మార్పు లాభనష్టాల్లోకే వెళ్లాలి. దీనికి మూలమైన అంతర్జాతీయ స్టాండర్డ్ 2000 చివర్లో ఆమోదం పొందింది. దాని వెనక ఆలోచన గట్టిది. కిరాణా కొట్లో బియ్యం బస్తా మార్చిలో ఎంతుందో జూన్‌లోనూ అంతే. రొయ్య అట్లా కాదు. పెరగడమే దాని వ్యాపారం. ఆ పెరుగుదల జరిగిన ఏడాదిలో చూపకుండా అమ్మిన రోజున మాత్రమే చూపితే, రైతు ఏడాదంతా ఏం చేశాడో లెక్కల్లో కనపడదు.

ఇది బాగా అర్థమవ్వాలంటే రొయ్యల్ని వదిలి ప్రకాశం వైపు వెళ్లాలి. అక్కడ సుబాబుల్, జామాయిల్ తోటలున్నాయి. నాటాక నాలుగేళ్లకు నరుకుతారు. ఖర్చు పద్ధతిలో రాస్తే మూడేళ్లు సున్నా ఆదాయం, నాలుగో ఏడు ఒక్కసారిగా మొత్తం లాభం. మూడో ఏడు ఆ లెక్కలు చూసినవాడు ఈ మనిషి ఖాళీగా కూర్చున్నాడనుకుంటాడు. అక్కడ ఫెయిర్ వాల్యూ నిజానికి దగ్గరగా ఉంటుందని నేను ఒప్పుకుంటాను. ఎందుకంటే చెట్టు నిలబడి ఉంటుంది. వరసలు లెక్కపెట్టొచ్చు, మొదలు చుట్టూ టేపు పెట్టి కొలవొచ్చు, టన్నుల్లో ఎంత దిగుతుందో అనుభవం ఉన్నవాడు దగ్గర దగ్గరగా చెప్పేస్తాడు. రాత్రికి రాత్రి తోటంతా చచ్చిపోవడం అరుదు.

పొదలకూరు నిమ్మతోట ఇంకో రకం. నిమ్మచెట్టుని కూడా మొదట్లో ఫెయిర్ వాల్యూలోనే చూపమనేవారు. 2014లో అంతర్జాతీయ స్టాండర్డ్ మార్చారు. ఏళ్ల తరబడి కాయనిచ్చే చెట్టుని యంత్రంలాగా ఖర్చులో ఉంచి, ఏటా తరుగుదల వేసుకోమన్నారు. చెట్టు మీదున్న కాయని మాత్రం ఫెయిర్ వాల్యూలోనే చూపాలి. చెట్టుని ఎవరూ అమ్మడానికి పెంచరు కాబట్టి దాని అమ్మకం ధరతో పనిలేదు. మన ఇండ్ ఏఎస్ మొదలయ్యేసరికే ఆ మార్పు అందులో ఉంది. ఫెయిర్ వాల్యూని గట్టిగా నమ్మినవాళ్లే వస్తువు వాడకాన్ని బట్టి కొలత మార్చుకున్నారు. నేను అడిగేది ఇంకొక్క అడుగు. వాడకంతో పాటు, ఆ వస్తువుని ఎంత నమ్మకంగా లెక్కపెట్టగలమో కూడా చూడమంటున్నాను.

స్టాండర్డ్ ఆ సందు కొంత వదిలింది. పిల్ల వదిలిన కొత్తల్లో, పెద్దగా పెరగనప్పుడు ఖర్చే ఫెయిర్ వాల్యూకి దగ్గరగా ఉండొచ్చంటుంది. ఫెయిర్ వాల్యూ నమ్మకంగా కట్టలేకపోతే ఖర్చులో పెట్టుకోవచ్చని కూడా అంటుంది. అయితే ఆ వెసులుబాటు మొదటిసారి పుస్తకాల్లో ఎక్కించినప్పుడే. ఒకసారి ఫెయిర్ వాల్యూలోకి వెళ్లాక వెనక్కి రాకూడదు. 30 రోజులప్పుడు బాగా కనిపించిన గుంట 70 రోజులకి అర్థం కాకుండా పోవడం ఇక్కడ మామూలు విషయం. దానికి ఈ నిబంధనలో చోటు లేదు.

ఆ చావు ముందా, తర్వాతా

మార్చి 31 నాటి లెక్కలు మేం సంతకం పెట్టేది ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో. అప్పటికి గుంట ఎండి, మళ్లీ సున్నం చల్లి, రెండో పంట కూడా సగానికి వచ్చి ఉంటుంది. అసలు ఎన్ని కిలోలు వచ్చాయో అందరికీ తెలుసు. అయినా ఫెయిర్ వాల్యూ ప్రకారం మార్చి 31 నాటి రేటే వేయాలి. ఏప్రిల్ 2 తర్వాత రేటు పడిపోవడం లెక్కల ఏడాది ముగిశాక జరిగిన సంగతి. అది పెద్దదైతే నోట్‌లో చెప్పాలి తప్ప అంకె మార్చకూడదు. కిలోకి 40 రూపాయలు తగ్గి 260 అయిందనుకుంటే మా 31 లక్షలు 26 లక్షల 80 వేలవుతాయి. 5 లక్షల లాభం 80 వేలకి దిగుతుంది. కానీ పుస్తకంలో 5 లక్షలే ఉంటుంది. ఇంతవరకూ నేను ఒప్పుకుంటాను. ఆ రోజు రేటు ఆ రోజుది.

రొయ్యల సంఖ్య దగ్గరికొస్తే ఈ నియమం చేతిలోంచి జారిపోతుంది. పట్టుబడి రోజున 75 శాతం కాకుండా 68 శాతమే తేలిందనుకోండి. ఆ మిగతా 70 వేల రొయ్యలు మార్చి 31కి ముందే చచ్చిపోయి ఉంటే మన అంచనా తప్పు, అంకె దిద్దాలి. ఏప్రిల్‌లో చచ్చిపోతే అది తర్వాతి సంగతి, దిద్దకూడదు. వైట్ స్పాట్ జబ్బయితే చచ్చినవి గట్టుకి కొట్టుకొస్తాయి, కాకులు వాలతాయి, తేదీతో సహా చెప్పొచ్చు. ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది అది కాదు. రోజుకి కొన్ని కొన్ని అడుగునే పోతుంటాయి. చచ్చినదాన్ని బతికున్నవే తినేస్తాయి. మేత తగ్గేదాకా తెలియదు. ఆ చావుకి తేదీ వేయగల ఆడిటర్ని నేనింతవరకూ చూడలేదు. నేను కూడా వేయలేను.

ఖర్చు అంకెకి ఉన్న జబ్బు

ఇంతదాకా చదివి నేను ఖర్చు పద్ధతికి భక్తుడిననుకోకండి. దానిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది.

మామ గుంటలో కిలో రొయ్య పెరగడానికి 1.3 కిలోల మేత పట్టింది. పదిన్నర టన్నులకి 13,650 కిలోలు, కిలో 95 చొప్పున దాదాపు 13 లక్షలు. పిల్లకి 4 లక్షలు, కరెంటు, డీజిల్‌కి 3, మందులూ మినరల్స్‌కి రెండున్నర, లీజు, కూలీ, గుంట తయారీకి మూడున్నర. మొత్తం 26 లక్షలు. పక్క గుంటాయన మేత గట్టు మీద మనిషికి వదిలేసి ఊళ్లు తిరిగాడనుకుందాం. అదే పదిన్నర టన్నులకి కిలోకి 1.7 చొప్పున మేత పట్టింది. మేతే 17 లక్షలవుతుంది, మొత్తం ఖర్చు 30 లక్షలు. ఇప్పుడు ఇద్దరి బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టండి. సరిగ్గా చూసుకున్నవాడి ఆస్తి 26, వృథా చేసినవాడి ఆస్తి 30. అసాధారణమైన వృథాని ఖర్చులో కలపకూడదని సరుకు విలువ కట్టే స్టాండర్డ్ ఏఎస్ 2 చెప్తుంది. కానీ 1.7 అసాధారణమా కాదా అని గట్టు మీద నిలబడి ఎవరు తేలుస్తారు? ఫెయిర్ వాల్యూలో అయితే ఇద్దరికీ 31 లక్షలే. ఎవరి పనితనం ఎంతో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఈ వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఇంకొకటి. మన చిన్న ఫర్ముల్లో ఖర్చు, అమ్మితే చేతికొచ్చేది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది వేస్తాం. ఆ రెండోది తెలియాలంటే మళ్లీ వల విసరాల్సిందే. అంచనా నుంచి ఖర్చు పద్ధతి తప్పించుకోలేదు. ఒక్కటే తేడా. ఆ అంచనాని ఆస్తి తగ్గించడానికి వాడతాం, పెంచడానికి వాడం. విసురు వల లాంటి కొలత చేతిలో ఉన్నప్పుడు ఆ ఒంటిచేతి జాగ్రత్త అవసరమని నా నమ్మకం. పెరిగిన విలువని మన కంపెనీల చట్టం కూడా పూర్తిగా నమ్మలేదు. డివిడెండ్ పంచడానికి లాభం లెక్కకట్టేటప్పుడు ఫెయిర్ వాల్యూ వల్ల వచ్చిన మార్పుని పక్కనపెట్టమంటుంది సెక్షన్ 123. లాభమని రాయొచ్చు, పంచుకోకూడదు.

ముగ్గురు పార్ట్‌నర్లు

నా అభిప్రాయాన్ని సగం మార్చిన సంగతి ఇది. కొన్నేళ్ల కిందట ముగ్గురు కలిసి నడిపే ఒక ఫర్ముకి నేను లెక్కలు రాసేవాణ్ని. కూతురి పెళ్లి పెట్టుకుని ఒకాయన మార్చి 31న తప్పుకున్నాడు. గుంటలో 95 రోజుల సరుకుంది. ఎప్పటిలాగే ఖర్చు మీద 30 లక్షలు వేసి, ఆయన మూడో వంతు 10 లక్షలు తేల్చాను. మిగతా లెక్కలన్నీ సరిపోయాయి, ఆయన సంతకం పెట్టాడు.

పన్నెండు రోజులకి గుంట పట్టారు. 48 లక్షలు వచ్చాయి. ఈ పన్నెండు రోజుల్లో పెట్టింది 4 లక్షలు. మార్చి 31నే పట్టి ఉన్నా 40 లక్షలకి తగ్గేది కాదు. ఆయనకి 3 లక్షల 30 వేల దాకా తక్కువ పడింది. ఆయన నన్ను తిట్టలేదు. మా ఆఫీసుకొచ్చి, కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే, "నా రొయ్యలు కూడా ఆ గుంటలోనే పెరిగినయ్ గదయ్యా" అన్నాడు. నా పద్ధతి స్టాండర్డ్ ప్రకారమే ఉంది. మిగతా ఇద్దరూ మోసం చేయలేదు. అయినా ఆయన 95 రోజుల కష్టంలో మూడో వంతు మిగతా ఇద్దరి జేబులోకి వెళ్లింది. దానికి దారి వేసింది నా అంకె.

తర్వాత పాత కేసులు వెతికితే సుప్రీంకోర్టు ఈ తేడాని ముందే గమనించిందని తెలిసింది. అవి ఆదాయపు పన్ను తగాదాలు, రొయ్యలతో సంబంధం లేదు. 1991లో ఎ.ఎల్.ఎ. ఫర్మ్ కేసులో, ఫర్మ్ రద్దయినప్పుడు మిగిలిన సరుకుని మార్కెట్ ధరకే కట్టాలంది. భాగస్వాములు ఎవరి వాటా వాళ్లు తీసుకుని విడిపోతున్నప్పుడు ఖర్చు అంకెతో వాటా తేలదు కాబట్టి. 2001లో శక్తి ట్రేడింగ్ కంపెనీ కేసులో, వ్యాపారం ఆగకుండా సాగుతున్నప్పుడు ఖర్చు, మార్కెట్ ధరల్లో ఏది తక్కువైతే అదే వేసుకోవచ్చంది. సరుకు రెండుచోట్లా సరుకే. ఆ అంకెతో ఏం తేల్చబోతున్నామన్నదే వేరు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఏడాది లాభం తేల్చడానికి గుంటలో సరుకుని ఖర్చు మీదే ఉంచుతాను. ఎవరైనా ఫర్ములోకి వస్తున్నా, పోతున్నా, వాటాలు మారుతున్నా ఫెయిర్ వాల్యూ కడతాను. అప్పుడు కూడా అంచనా ఊగుతుంది, నిజమే. కానీ ఆ రోజు ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా కూర్చుంటారు. ఒకరికి ఎక్కువ కావాలి, ఒకరికి తక్కువ కావాలి. ఇద్దరి ముందూ వల విసిరి, ఇద్దరూ ఒప్పుకున్న శాతం రాసుకుంటే ఏ ఒక్కరి ఆశో అంకెలోకి ఎక్కదు. కుదిరితే ఇంకో మాట కూడా రాయిస్తాను. పట్టుబడి రోజు అసలు తూకం వచ్చాక తేడా సర్దుకోవాలని. ఏడాది చివరి లెక్కల్లో ఆ ఎదుటి మనిషి ఉండడు. లిమిట్ కావాల్సిన మామ, ఆయన మేనల్లుడు, ఒక వల, అంతే ఉంటారు.

బ్యాంకుకి పంపిన కాగితం

బ్యాంకుకి మాత్రం ఖర్చు అంకె ఒక్కటే పంపితే చాలదని మామతో జరిగిన గొడవ తర్వాత నాకే అనిపించింది. అప్పు ఇచ్చినవాడికి గుంట అమ్మితే ఏమొస్తుందో తెలుసుకునే హక్కుంది. అందుకే పంట పట్టకముందు పంపిన తర్వాతి స్టేట్‌మెంట్‌లో సరుకు విలువ ఖర్చు మీదే వేసి, కింద నాలుగు వరసలు కలిపాను. పిల్ల వదిలిన తేదీ, సంఖ్య. తూచిన సగటు బరువు, తేదీతో. ఎంత శాతం బతికుందని అనుకున్నామో, ఆ అంకె వలతో వచ్చిందా మేతతోనా. ఆ శాతం పది తగ్గితే విలువ ఎంతవుతుందో. చివరి వరస రాస్తుంటే మామ అడ్డుపడ్డాడు, "మనమే తక్కువ చేసి చెప్పుకోవడమేంది" అని. అడ్డుపడొద్దని గట్టిగా చెప్పి అలాగే పంపాను. ఆఫీసర్ ఫోన్ చేసి ఆ వరస గురించే పావుగంట అడిగాడు. లిమిట్ పెంచలేదు, తగ్గించనూ లేదు.

ఆ పంట ఏప్రిల్ 28న పట్టారు. 22 గ్రాముల మీద, 45 కౌంటులో, 15 టన్నులకి కాస్త తక్కువగా తూగింది. లెక్క కడితే దాదాపు 6 లక్షల 80 వేల రొయ్యలు, 68 శాతం. మేం మార్చి 31న వేసుకున్నది 75. ట్రేలు లారీకి ఎక్కిస్తుంటే మామ నా పక్కనే నిలబడి, తేడా 70 వేలు ఎప్పుడు పోయాయంటావు అని అడిగాడు. మేత పుస్తకం తెచ్చి ఇద్దరం ఏప్రిల్ పేజీలన్నీ తిరగేశాం. ఏ రోజూ మేత తగ్గినట్టు లేదు.